ఆరు రెట్లు వచ్చిన నష్టం

ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి వచ్చే మొక్కుల్లో ఈమధ్య కొత్త రకం చేరింది. ఒకప్పుడు పెళ్ళిళ్ళు, పిల్లలు, పంటలు. ఇప్పుడు మా మేనల్లుడి లాంటివాళ్ళు ‘రీచ్’ కోసం మొక్కుకుంటున్నారు. వాడిది ఊళ్ళో కిరాణా కొట్టు. కొన్నాళ్ళుగా సొంత బ్రాండు పేరుతో బియ్యం కూడా అమ్ముతున్నాడు. సంచి మీద గోపురం బొమ్మ, దాని కింద గోపురం కంటే పెద్దగా వాడి ఫోన్ నంబరు.

మొన్న కార్తీకంలో ఆ సంచి ఫొటో పెట్టి, కింద ఉన్న Boost post నొక్కి, రెండు వేలు సమర్పించుకున్నాడు. వారం తిరక్కుండా తాపేశ్వరం కాజాల పొట్లంతో ఊడిపడ్డాడు.

“ఆయ్, ఆరు రెట్లు వచ్చిందండి మావయ్యా! రెండు వేలు పెడితే పన్నెండు వేల అమ్మకం. కోర్సు చెప్పిన సారు నాలుగు రెట్లొస్తే సూపరన్నారండి. మనది ఆరు!”

కాజాకి ఏ పాపమూ తెలియదు కాబట్టి ముందు అది తిన్నాను. తర్వాత కొనుగోలు బిల్లులు తెమ్మన్నాను. వాడి మొహం కొంచెం వాడింది. కోర్సులో ఆ పాఠం ఉన్నట్టు లేదు.

వాడిది 26 కిలోల బస్తా. పాతిక దగ్గర ఆగకుండా ఇరవయ్యారెందుకో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా లేబులు సంచుల మీద 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ పైన లేదు. ఆ అదనపు కిలో మన ఆర్థిక మేధస్సుకి కట్టుకున్న స్మారక స్తూపం.

బస్తా అమ్మకం ధర 1,500. మిల్లులో పడ్డది 1,390. సంచి, హమాలీ కలిపి 20. ఇంటికి చేర్చే ఆటోకి 30. మిగిలేది 60 రూపాయలు. కొట్టు అద్దె, కరెంటు, కుర్రాడి జీతం ఇంకా ఇందులోంచి తియ్యలేదు. 1,500కి 60 అంటే నూటికి నాలుగు. ఇప్పుడు వందని ఆ నాలుగుతో భాగిస్తే 25 వస్తుంది. అంటే ప్రకటన మీద పెట్టిన ప్రతి రూపాయికీ 25 రూపాయల కొత్త అమ్మకం జరిగితేనే వీడు మునగకుండా ఒడ్డున నిలబడతాడు. బ్రేక్ ఈవెన్ రోయాస్ అని కోర్సుల్లో చెప్పేది ఈ పాతికనే. సగానికి సగం మిగిలే చీరల కొట్టుకి అది రెండే. అక్కడ నాలుగు రెట్లొస్తే నిజంగా పండగే. నూటికి నాలుగు మిగిలే బియ్యానికి ఆరు రెట్లొస్తే వంద పెట్టి ఇరవై నాలుగు ఏరుకున్నట్టు.

ఇంకా ఉంది. ప్రకటన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేరే. రెండు వేలు కాస్తా 2,360 అయింది. ఆ 360 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది కదా అన్నాడు. పన్ను లేని సరుకు అమ్మడానికి పెట్టిన ఖర్చు మీద క్రెడిట్ రాదు నాయనా! ఇరవయ్యారో కిలోతో గుమ్మంలోంచి గెంటిన పన్ను ప్రకటన రూపంలో దొడ్డిదారిన లోపలికొచ్చింది. దాంతో పాతిక రెట్లు కూడా చాలవు, ఇరవై తొమ్మిదిన్నర కావాలి.

సరే, ఆ పన్నెండు వేలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దామని ఫోన్ తీసుకున్నాను. యాభై రెండు మెసేజీలు. చాలావాటిలో ఒకటే వాక్యం: Hello! Can I get more info on this? ద్రాక్షారామం జనానికి ఒక్క వారంలో ఇంత ఇంగ్లీషు ఎలా వచ్చిందా అనుకోకండి. ప్రకటన మీద వేలు పడితే వాట్సాప్‌లో ఆ వాక్యం దానంతటదే సిద్ధంగా ఉంటుంది, పంపడమే తరువాయి. వీడు “రేటు 1,500 అండి” అన్నాడు. అవతల నీలం టిక్కులు పడి ఊరుకున్నాయి.

కొందరు హైదరాబాదు వాళ్ళు. ఊరి పేరు ఎంచుకుంటే అక్కడ కాపురముండేవాళ్ళతో పాటు ఈమధ్య అటు వచ్చిపోయినవాళ్ళకీ ప్రకటన కనిపిస్తుంది. కార్తీకమాసంలో ఈ ఊరికి వచ్చిపోయేవాళ్ళెవరు? ఒక్క రోజులో పంచారామాలన్నీ చుట్టే బస్సుల జనం. అభిషేకం చేయించుకుని, ప్రసాదం కట్టించుకుని, భుజాన 26 కిలోల బస్తా వేసుకుని సామర్లకోట బస్సెక్కే భక్తుణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంకొందరు కాకినాడ, యానాం వాళ్ళు. అక్కడికి ముప్పై రూపాయలకి ఆటో రాదు.

చివరికి కొన్నది ఎనిమిది మంది. వాళ్ళ నంబర్లు వాడి ఖాతా పుస్తకంలో వెతికాం. ముగ్గురు ఏడాదిగా అక్కడే కొంటున్నవాళ్ళే. ప్రకటన చూడకపోయినా ఆ నెల బస్తాకి వాళ్ళెలాగూ వచ్చేవారు. కొత్తవాళ్ళు ఐదుగురు. 2,360ని ఐదుతో భాగిస్తే ఒక్కో కొత్త ఖాతాదారుకి 472 రూపాయలు పడింది. వాళ్ళ మీద మిగిలింది తలకి అరవై.

“మళ్ళీ కొంటారు కదండీ!” అన్నాడు. ఇది మాత్రం బుద్ధున్న మాట. నాలుగైదుగురున్న ఇంట్లో బస్తా సుమారు నెలొస్తుంది. 472 తిరిగి రావాలంటే ఎనిమిది బస్తాలు కొనాలి. మరి కొంటారా అంటే, అదీ ఖాతా పుస్తకమే చెప్పాలి. ఉగాదినాడు చేరిన కొత్తవాళ్ళని వరసగా చూస్తే ప్రతి నెలా సగం మంది జారిపోయారు. ఒకటి, అర, పావు... ఇలా కలుపుకుంటూ పోతే మనిషికి సగటున రెండు బస్తాలు తేలాయి. అంటే 120 రూపాయలు. కొత్త మనిషిని తేవడానికి పన్నుతో సహా వీడు పెట్టగలిగిన గరిష్ఠం అంతే. ఐదుగురితోనే తీర్పు చెప్పేస్తే ఎలా అంటారా? అదృష్టం కలిసొచ్చి పదిమంది వచ్చినా తలకి 236. అయినా మునకే.

ఈ లెక్కంతా బటన్ నొక్కకముందే కాగితం మీద తేలేది. 120లోంచి పన్ను తీసేస్తే 102. అడిగిన పదిమందిలో ఒకరు కొత్తగా కొంటారని కొట్టు దగ్గరి అనుభవంతోనే తెలుసు. కాబట్టి ఒక్కో మెసేజీకి పది రూపాయలు దాటకూడదు. మొదటి రోజే స్క్రీన్ మీద 38 కనిపించింది. ఆ సాయంత్రమే ఆపేసి ఉంటే నష్టం మూడొందల్లో పోయేది. కానీ ఆ స్క్రీన్ రోజుకెంత పెడతావనీ, ఎన్ని రోజులు పెడతావనీ అడుగుతుంది. బస్తాకి నీకెంత మిగులుతుందని అడగదు. అడిగితే దాని వ్యాపారం ఏం కాను?

ఇప్పుడు వాడు పాత ఖాతాదారులకి ఒక మాట చెప్పాడు: కొత్తవాళ్ళని తెచ్చి, వాళ్ళు బస్తా కొన్నాక, మీ తర్వాతి బిల్లులో నలభై తగ్గిస్తాను. అమ్మకం జరిగాకే ఖర్చు, మొదటి బస్తాలోనే ఇరవై మిగులు. దీనికి లైకులు రావు కాబట్టి కోర్సు సారుకి నచ్చలేదు. “ప్రకటనతో బ్రాండు అవేర్‌నెస్ పెరిగిందండి, దాన్ని డబ్బుల్లో కొలవకూడదు” అన్నారట. నిజమే కాబోలు. ఈసారి మిల్లుకి వెళ్ళినప్పుడు 1,390కి బదులు ఆ అవేర్‌నెస్ ఇస్తే బస్తా వేస్తారేమో కనుక్కోమన్నాను.