నూటికి నూరొచ్చిన కేస్ షీటు

ఓ పెద్దాసుపత్రిలో డైట్ విభాగానికి ఆడిట్‌లో నూటికి నూరొచ్చాయి. స్వీట్లు పంచుకున్నారు. షుగర్ వార్డు వైపు వెళ్లలేదట, అంతవరకు మెచ్చుకోవాలి.

ఆ నూరు తెచ్చిన ఫైళ్లలో ఒకటి తెరుద్దాం. పక్షవాతం వచ్చిన పెద్దాయన. మింగలేరు, ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఆహారం. చేరిన రోజు నర్సమ్మ తూచి రాసిన బరువు 58 కిలోలు. డైటీషియన్ నోటులో 64. చెక్‌లిస్టు అడిగేది ఒక్కటే: బరువు రాశారా? రాశారు కదా, అదీ రెండు రకాలుగా! టిక్కు.

మూడో రోజు నోటులో ‘ఇడ్లీ ఇష్టంగా తింటున్నారు’ అని ఉంది. గొట్టంలోంచి ఇడ్లీ! పక్క మంచం నోటు ఇక్కడికి కాపీ అయిందన్నమాట. రోజువారీ నోటు ఉందా? ఉంది. సంతకం? ఉంది. టిక్కు, టిక్కు.

ఇప్పుడు లెక్కకొద్దాం. కిలోకు 30 క్యాలరీల చొప్పున 58 కిలోల మనిషికి రోజుకు 1740 కావాలి. రెండు గంటలకోసారి 200 మిల్లీలీటర్లు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తొమ్మిది ఫీడ్లు. మిల్లీలీటరుకు ఒక క్యాలరీ అనుకుంటే 1800. కాగితం మీద కడుపు నిండింది. నర్సమ్మ చార్టు చూస్తే ఒక రోజు పడినవి ఆరే. స్కానింగ్‌కు తీసుకెళ్లి రెండు ఆపారు, గొట్టం మూసుకుపోయి ఒకటి పోయింది. అందింది 1200. అదే రోజు డైట్ నోటు: ‘ఫీడ్లు బాగా తట్టుకుంటున్నారు.’ పడని ఫీడును ఎవరైనా బాగానే తట్టుకుంటారు. ఈ తేడా కనబడాలంటే ఆడిటరు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. చెక్‌లిస్టులో ఆ గడి లేదు, ఆయనకు అంత తీరికా లేదు.

ఇక లక్ష్యం: ‘పోషణ స్థితిని మెరుగుపరచుట.’ ఎంత భద్రమైన వాక్యమో! దీన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు. ‘మూడు రోజుల్లో 1740 క్యాలరీల్లో కనీసం 80 శాతం, ప్రొటీను 70 గ్రాములు అందాలి, నాలుగో రోజు చార్టు చూసి, తగ్గితే ఫీడు మార్చాలి’ అని రాస్తే చిక్కు. నాలుగో రోజు నిజంగానే వస్తుంది. స్కానింగ్‌కు పోయిన ఫీడ్లను తిరిగి ఎవరు వేస్తారన్న ప్రశ్నా వస్తుంది. జవాబు చెప్పాల్సింది డైటీషియన్ ఒక్కరే కాదు గనకే, ఆ వాక్యం రాయమని ఆవిడను ఎవరూ అడగరు.

ఆఖరికి ఓ చాదస్తపు ఆడిటరు 58నీ 64నీ పట్టుకున్నాడు. కమిటీ కూర్చుంది, టీ తాగింది, దిద్దుబాటు చర్య తీసుకుంది. పెద్దాయనను మళ్లీ తూచారా? అబ్బే. నర్సమ్మ కాగితం మీద 58 కొట్టేసి 64 వేశారు.