అధ్యక్షుల వారి ఫొటో కింద తేదీ

ఉపన్యాసం పోస్టరును ఎవరూ నిలబడి చదవరు. సిగ్నల్ దగ్గర బండి మీద కూర్చుని, వెనకవాడు హారన్ కొట్టేలోగా చూస్తారు. ఆ కాసేపట్లో తెలియాల్సినవి మూడే: విషయం ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ. తెలుగునాట గోడల మీద ముందుగా తెలిసేది సభాధ్యక్షుల వారి మీసకట్టు.

పోస్టరులో సగం ఫొటోలకే పోతుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వీరి మధ్య తేడా డీటీపీ ఆపరేటరుకే తెలుసు: ఫొటో చుట్టూ గీసే గుండ్రం సైజు. అది అర అంగుళం తగ్గితే ఫోన్ వస్తుంది. అలక తీర్చడానికి పేరు ముందు ఒక బిరుదు చేరుతుంది. బిరుదు రెండో వరుసలోకి దిగితే పక్కాయనకూ ఒకటి వెతకాలి. ఈలోగా శాలువా కప్పేవారు, జ్యోతి వెలిగించేవారు, చివరికి వందన సమర్పణవారూ ఫొటోలు పంపుతారు. అందులో ఒకటి తప్పకుండా పెళ్లినాటిది. అందరూ సర్దుకున్నాక వక్తకు ఒక మూల మిగులుతుంది. తేదీకి అదీ ఉండదు.

రాజమహేంద్రవరంలో ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక ఉపన్యాసం పెట్టారనుకుందాం. అలవాటుగా పడే శీర్షిక ‘గోదావరి జలసిరులు – ఒక సమాలోచనం’. దాన్ని చూసి వచ్చేది ఆహ్వాన సంఘమే. విషయం చెప్పే శీర్షిక ఇలా ఉంటుంది:

ఆనకట్టకు ముందు గోదావరి డెల్టా
1833 కరువు నుంచి 1852 దాకా
ఆదివారం, 14 సెప్టెంబరు 2025, సాయంత్రం 6 గంటలకు
గౌతమీ గ్రంథాలయం, రాజమహేంద్రవరం

దీని కింద వక్త పేరు, ఆయన ఏం చేస్తారో నాలుగు మాటల్లో, ప్రవేశం ఉచితమన్న ముక్క. అంతే. అతిథుల జాబితా కరపత్రం వెనకవైపుకు పోవచ్చు. చేతిలో ఉన్న కాగితాన్ని తిప్పి చూసే తీరిక జనానికి ఉంటుంది, గోడను తిప్పలేరు.

‘ఈ నెల 14న’ అని రాస్తే వచ్చే నెలలోనూ ఆ పోస్టరు అదే ధీమాతో పిలుస్తుంది. నెల, సంవత్సరం రాయాలి. వారం కూడా రాయాలి, క్యాలెండరు చూసి మరీ. తేదీ ఆదివారానిదై, వారం శనివారమని పడితే సగం మంది ఒకరోజు ముందే వచ్చి తాళం చూసి వెళ్తారు. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు వదలాలి. ఇరికిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో దూరుతుంది.

అసలు నష్టం వక్తది. నెలల తరబడి పాత రికార్డులు తిరగేసి వచ్చిన మనిషి, వేదిక మీద ఎనిమిది మంది, ఎదురుగా ఆరుగురు ఉన్న హాలులో మాట్లాడాలి. వినాలనుకున్నవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకు తెలియలేదు.

అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫును గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి జరిగి, సభతో సంబంధం లేని ఒకరిచేత చదివించాలి. ఆయన నోట తేదీకంటే ముందు అధ్యక్షుల వారి పేరు వస్తే, ఆ ఫొటో చిన్నది చేయాలి. ఫోన్ వస్తే ఆపరేటరు మీదికి నెట్టేయవచ్చు.