మూడు గంటల ముచ్చట

మా ఆఫీసులో పీఆర్ పెడితే మూడు గంటల్లో మెర్జ్ అయిపోతుంది. నేనంటున్న మాట కాదు, కాఫీ మెషిన్ పక్కన గోడకున్న టీవీ అంటోంది. అదీ ఆకుపచ్చ రంగులో.

లెక్క చాలా తేలిక. గిట్‌హబ్ ప్రతి పీఆర్‌కీ `created_at`, `merged_at` అని రెండు సమయాలు రాసి పెడుతుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయడమే. ఈ నెల మెర్జ్ అయిన ఏడింటికీ కలిపి 21 గంటలు, సగటు మూడు. మేనేజర్ గారు పూతరేకులు పంచారు.

ఎనిమిదోది ఒకటుంది. పేమెంట్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించే కోడ్. తేడా వస్తే కస్టమర్ ఖాతాలో డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది. అందుకని ఎవరూ దాని జోలికి పోలేదు. 26 రోజులుగా పడి ఉంది. మెర్జ్ కాలేదు గనక `merged_at` ఖాళీ, ఖాళీ గనక సగటులో లేదు. కుదిరిన సంబంధాలే లెక్కేసి చెప్పే పెళ్లిళ్ల పేరయ్య మా టీవీ.

పోనీ, మొదటి రివ్యూ ఎప్పుడొచ్చిందో చూద్దామంటే, 40 సెకన్లలో వచ్చిందట! తీరా చూస్తే అది బాట్. 'పదో లైను చివర స్పేస్ ఎక్కువైంది' అని రాసి పోయింది. ఆ స్పేస్ తీసేశారు. డబ్బు సంగతి అలాగే ఉంది.

చివరికి నిన్న ఇద్దరు సీనియర్లు కూర్చుని, పూర్తిగా చదివి అప్రూవ్ చేశారు. అది రాసిన కుర్రాడు మెర్జ్ నొక్కబోతుంటే మేనేజర్ గారు పరుగున వచ్చారు.

"ఆగవయ్యా! 26 రోజులంటే 624 గంటలు. అవి కలిస్తే సగటు 80 దాటుతుంది!"

"సగటు తీసేసి మీడియన్ పెడదాం సార్. అప్పుడూ మూడే ఉంటుంది" అన్నాడు వాడు. నిజమే, వరసలో చివరివాడు ఎంత దూరాన ఉన్నా మీడియన్‌కి పట్టదు. కానీ టీవీ లెక్క మార్చాలన్నా పీఆర్ పెట్టాలి, దాన్ని ఎవరో రివ్యూ చెయ్యాలి. అంత ఓపిక ఎవరికుంది?

అందుకని పాతది మూసేసి, అదే బ్రాంచి మీద కొత్త పీఆర్ తెరిచారు. 40 నిమిషాల్లో మెర్జ్. సగటు రెండు గంటల 42 నిమిషాలకు దిగింది! మళ్లీ పూతరేకులు.

మీ ఆఫీసులోనూ ఇలాంటి టీవీ ఉంటే, దానికి వీపు పెట్టి ఇది కొట్టండి. మెర్జ్ కానివి, తెరిచి ఉన్నవైనా మూసేసినవైనా, పాతవాటి నుంచి వరసగా వస్తాయి.

```
gh pr list --state all --search "is:unmerged sort:created-asc"
```

మా దగ్గర మొదటి వరసలో వచ్చింది నాదే. ఉగాదికి పెట్టాను. దాని మీద బాట్ రాసిన ముక్క ఒక్కటే ఉంది.