డబ్బా మీద టెరాబైటు, తెర మీద 931

కొత్త హార్డ్ డిస్క్ కొన్న ఆనందం కేబుల్ తగిలించేదాకానే. డబ్బా మీద 1 టీబీ అని అరచేయంత అక్షరాలతో ఉంటుంది. విండోస్‌లో తెరిచి చూస్తే 931 జీబీ. మిగతా 69 జీబీ ఏమైందని ఆరా తీస్తే ఎక్కడైనా వినిపించే జవాబులు రెండే. ఒకటి, 'కంపెనీవాళ్లు నొక్కేశారు.' రెండోది, కొట్లో కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా చెప్పేది: 'ఫార్మాటింగ్‌లో పోద్ది సార్, మామూలే.'

ఈ రెండో జవాబంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. పోద్ది సరే, ఎక్కడికి పోద్ది? ఎవరూ అడగరు. 69 జీబీ అంటే ఓ ఇరవై సినిమాలు పట్టే జాగా. దాన్ని తిని హరాయించుకునే ఫార్మాటింగ్ ఏదో ఉందని నమ్మేసి, ఇంకో వంద పెట్టి కేబుల్ కూడా కొనుక్కుని ఇంటికొస్తారు. డిస్క్‌ని ఫార్మాట్ చేయకముందే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. అక్కడ అప్పటికే 931.51 జీబీ అని ఉంటుంది. నేరం జరగకముందే దొంగసొత్తు మాయమైందన్నమాట! ఫార్మాట్ చేశాక ఎన్‌టీఎఫ్ఎస్ తన లెక్కాపత్రాలకి కొంత జాగా వాడుకునే మాట నిజమే. ఖాళీ డిస్క్ మీద అది మహా అయితే కొన్ని వందల ఎంబీ. అది కూడా 'వాడిన జాగా' కింద కనిపిస్తుందే తప్ప మొత్తం కెపాసిటీలోంచి తగ్గదు.

మరి ఆ 69 ఏదీ? అదే డిస్క్‌ని లినక్స్ మెషీన్‌కి తగిలించి `fdisk -l` కొడితే ఇలా వస్తుంది:

```
931.5 GiB, 1000204886016 bytes, 1953525168 sectors
```

మధ్యలో ఉన్న బైట్ల అంకె చూడండి. లక్ష కోట్లు, దాని మీద ఇంకో ఇరవై కోట్ల పైచిలుకు. కంపెనీ నొక్కేయడం మాట అటుంచి కొసరు కూడా వేసింది. ఒక్క బైటు కూడా ఎటూ పోలేదు. అటు 931.5 ఉంది, ఇటు లక్ష కోట్ల బైట్లూ ఉన్నాయి. రెండూ నిజమే. డిస్క్ తయారుచేసేవాళ్లు జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్క కడతారు. విండోస్ మాత్రం 1024ని మూడుసార్లు హెచ్చవేసి, 1,07,37,41,824 బైట్లయితేనే ఒకటి అంటుంది. 1000204886016ని దాంతో భాగించండి, 931.51 వస్తుంది. అంతే కథ.

పెద్ద కొలతతో కొలవడం తప్పేమీ కాదు. ఆ కొలతకి వేరే పేరుంది, గిబీబైటు. 1998లో ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ గొడవ తెంచడానికే దాన్ని పెట్టింది. fdisk బుద్ధిగా GiB అని రాస్తుంది. విండోస్ గిబీబైట్లలో లెక్క పెట్టి, పక్కన GB అని ముద్ర వేస్తుంది. కొట్లో 14 కిలోల బియ్యం కొని తెచ్చి ఇంట్లో వీసెల తూకంతో తూచితే పది వస్తుంది. ఆ తూకం '10 కిలోలు' అని చీటీ ఇస్తే మనం కోమటిని తిడతామా, తూకాన్ని బాగుచేయిస్తామా? మనం పాతికేళ్లుగా కోమటినే తిడుతున్నాం.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తే విండోస్ ఒకే వరసలో బైట్ల సంఖ్య పూర్తిగానూ వేస్తుంది, పక్కనే 931 GB అనీ వేస్తుంది. నేరాంగీకారం, బుకాయింపు పక్కపక్కనే!

అసలీ 1024 ఎందుకొచ్చిందంటే ర్యామ్ వల్ల. మెమరీ చిప్‌లో ఒక్కో అడ్రసు గీత పెరిగితే జాగా రెట్టింపవుతుంది కాబట్టి అక్కడ అన్నీ రెండు రెళ్ల లెక్కలే. అందుకే 8 జీబీ ర్యామ్ కొంటే విండోస్ లెక్క ప్రకారం కూడా 8 ఉంటుంది. డిస్క్‌కి ఆ నిర్బంధం లేదు. 1956లో వచ్చిన మొట్టమొదటి ఐబీఎం డిస్క్‌నే 50 లక్షల అక్షరాలని చెప్పి ఇచ్చారు, అచ్చంగా పదుల లెక్కలో. కిలోబైటు దగ్గర 1000కి 1024కి తేడా 24, పోనీలే అనుకున్నారు. ఆ పోనీలే మెట్టు మెట్టుకీ ముదిరింది. జీబీ దగ్గరకొచ్చేసరికి అంకె ఏడు శాతం తగ్గి కనిపిస్తుంది, టీబీ దగ్గర తొమ్మిది శాతం. 2 టీబీ డిస్క్ 1.81 అని తేలుతుంది. డబ్బా మీది టీబీని 0.909తో హెచ్చవేసుకుని కొట్టుకి వెళితే ఇంటికొచ్చాక గుండె ఆగదు. ఈ రెండు లెక్కలనీ ఒకే చోట వండి వార్చిన ఘనత మాత్రం 1.44 ఎంబీ ఫ్లాపీది. దాని సైజు 1440ని 1024తో హెచ్చవేసినంత. అంటే ఆ ఎంబీ 1000, 1024ల లబ్ధం. ఏ పద్ధతిలో చూసినా 1.44 రాదు.

అమెరికాలో దీని మీద కోర్టులకి కూడా ఎక్కారు. 80 జీబీ డిస్క్ 74 చూపిస్తోందని వెస్టర్న్ డిజిటల్ మీద వేసిన దావా 2006లో రాజీకొచ్చింది. కొన్నవాళ్లకి ఉచితంగా ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్, లాయర్లకి దాదాపు 5 లక్షల డాలర్ల ఫీజు. పోయిన జీబీలు ఎవరికి దక్కాయో అక్కడ తేలింది. తర్వాత డబ్బాల మీద చుక్క గుర్తు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో బైట్ల వివరం మామూలైపోయాయి. చుక్క గుర్తు పెట్టినవాళ్లని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. 'తెర మీద 931 కనిపిస్తుంది' అని అదే డబ్బా మీద వేస్తే సిరా ఖర్చు పెద్దగా పెరగదు.

ఆపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో పదుల లెక్కకి మారిపోయింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి తెల్లారేసరికి డిస్క్ పెరిగినట్టు కనిపించింది. లోపలి ఫైళ్లూ అదే నిష్పత్తిలో పెరిగాయి కాబట్టి ఒక్క పాట కూడా అదనంగా పట్టలేదు. విండోస్ మాత్రం అక్కడే కూర్చుంది. అందులో పార్టిషన్ చేసేటప్పుడు 100 జీబీ కావాలని పెట్టెలో 100000 ఎంబీ కొట్టినవాడికి 97.65 జీబీ వస్తుంది. సరిగ్గా వంద కావాలంటే 102400 కొట్టాలి. ఇది తెలియక రెండుసార్లు పార్టిషన్ చెరిపి మళ్లీ చేసి, డిస్క్‌లో లోపముందని మార్చమన్నవాళ్లని చూశాను.

ఇంత అనుమానం ఉన్న జనం అసలు దగా దగ్గర మాత్రం మహా ఉదారులు. ఐదారు వందలకి 16 టీబీ పోర్టబుల్ డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు. విప్పి చూస్తే లోపల 64 జీబీ మెమరీ కార్డు. దాని కంట్రోలర్‌కి 'అడిగితే పదహారు అని చెప్పు' అని నేర్పి పంపుతారు, తెర ఆ మాటే తు.చ. తప్పకుండా చూపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే H2testw లాంటి ప్రోగ్రాముతో చివరిదాకా రాయించి తిరిగి చదివించాలి. 64 దాటిన తర్వాత రాసినదేదీ తిరిగి రాదు. 69 జీబీ కోసం కొట్టుమీదికి తగాదాకి వెళ్లినాయన ఈ డ్రైవ్‌కి ఐదు నక్షత్రాలిచ్చి, 'సైజు కరెక్ట్‌గా చూపిస్తోంది' అని రాసి పెడతాడు.