మూడు బస్సులు మిగిల్చాను

ఈ సంగతి మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెబితే ఫరవాలేదనిపిస్తోంది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు కాగితం మీద ఒక లెక్క వేసి, అది అందంగా కుదిరిందన్న సంతోషంలో, ఆ లెక్క ఎవరి నెత్తిన పడుతుందో చూడకుండా సంతకం పెట్టే ఉంటారు.

కంకిపాడు దగ్గర ఒక స్కూల్లో నేను ట్రాన్స్‌పోర్ట్ చూస్తాను. యనమలకుదురు, కానూరు, పోరంకి, పెనమలూరు, ఇటు ఉయ్యూరు వైపు ఊళ్లు, అన్నీ కలిపి 396 మంది పిల్లలు, 12 బస్సులు. ఒక్కో బస్సుకి 50 సీట్లు. అంటే 600 సీట్లలో 396 మంది. ప్రతి మూడు సీట్లలో ఒకటి ఖాళీ. ఏప్రిల్లో డీజిలు బిల్లులు ముందేసుకుని కూర్చున్న రోజున ఆ ఖాళీ సీటు నా కళ్లల్లో ముల్లులా గుచ్చుకుంది.

అప్పటికి కొత్తగా ఒక విద్య నేర్చుకుని ఉన్నాను. 1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు ఒక పద్ధతి రాశారు. గోడౌన్ నుంచి సరుకు మోసే లారీలకు దారులు కలిపే పద్ధతి అది. రెండు ఊళ్లకు రెండు బండ్లు పంపే బదులు ఒకే బండి రెండూ చుట్టి వస్తే ఎన్ని కిలోమీటర్లు మిగులుతాయో చూస్తారు. ఎక్కువ మిగిలే జతను ముందు కలుపుతారు, తర్వాత దాని కింది జతను, అలా బండి నిండేదాకా. మా స్కూలు నుంచి యనమలకుదురు 13 కిలోమీటర్లు, కానూరు 10, ఆ రెండిటి మధ్య 4. 13కి 10 కలిపి 4 తీసేస్తే 19. ఆ జత కలిపితే 19 కిలోమీటర్లు మిగులు. కంప్యూటర్లో పట్టిక మీద పట్టిక వేసుకుంటూ పోతుంటే, రాత్రి పదకొండున్నరకు 12 బస్సులు 9 అయ్యాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాష్ట్రంలోని స్కూళ్లన్నీ నా దగ్గరికి వచ్చి బస్సులు తగ్గించే కిటుకు అడుగుతున్నట్టు ఊహించుకున్నాను.

మర్నాడే ప్రిన్సిపాల్ మేడమ్‌కి మెమో రాయడం మొదలుపెట్టాను. మూడు పేజీలు, రంగుల మ్యాపు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు: “ప్రస్తుత 12 బస్సులలో సీట్ల వినియోగం 66 శాతం మాత్రమే అయినందున, మార్గాల పునర్వ్యవస్థీకరణ ద్వారా, పిల్లలకు ఎటువంటి అసౌకర్యం కలగకుండా 9 బస్సులతో సేవలు నిర్వహించవచ్చునని సవినయంగా మనవి.” పొదుపు నెలకు లక్షన్నర అని బోల్డు అక్షరాల్లో వేశాను. “ఎటువంటి అసౌకర్యం కలగకుండా” అన్న మాటకు నా దగ్గర ఒక్క ఆధారం లేదు. వాక్యం అక్కడ ఆ మాట కోరింది, రాసేశాను.

మేడమ్ మెమో అంతా చదివి ఒక్కటే అడిగారు. “ఏవండీ, ఈ టైములు ఎవరు చూశారు?”

“నేనే చూశాను మేడమ్, స్వయంగా వెళ్లి” అన్నాను. అది అబద్ధం కాదు. ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి నా మోటారు సైకిలు మీద ప్రతి దారీ తిరిగాను. గంటకు సగటున 28 కిలోమీటర్లు వచ్చింది, అదే వేశాను. ఆదివారం, మోటారు సైకిలు అన్న రెండు ముక్కలు మాత్రం చెప్పలేదు. మేడమ్ నా మాట నమ్మి సంతకం పెట్టారు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

మా డ్రైవర్లలో పెద్దాయన ఒకరున్నారు, ఈ రోడ్ల మీద ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టిన మనిషి. మ్యాపు చూసి, “సార్, యనమలకుదురు లాకుల దగ్గర ఎదురుగా ఇంకో బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలండి” అన్నారు. “అదంతా సగటులో కలిసిపోతుంది” అని చెప్పాను. సగటు అన్న మాట చదువు లేనివాళ్ల నోరు మూయించడానికి ఎంత పనికొస్తుందో ఆ రోజు నేను వాడి చూపించాను. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంకో పని కూడా చేశాను, అదే నన్ను నిండా ముంచింది. మా దగ్గర స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో అయిపోతుంది. జూన్ 12న బడి తెరిచేలోపు ప్రతి బస్సునూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి మళ్లీ తెచ్చుకోవాలి. బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, వేగం కట్టడి చేసే పరికరం, అన్నీ సరిచేయించాలి. మూడు బస్సులు ఎలాగూ అక్కర్లేదు కదా, వాటి మీద ఆ ఖర్చెందుకని ఆపేశాను. మెమోలో ఆ మిగులు కూడా కలిపాను.

జూన్ 12 వచ్చింది.

నాలుగో నంబరు బస్సు సంగతి ఒక్కటి చెబుతాను, మిగతావి ఊహించుకోండి. అది యనమలకుదురులో 6:50కి మొదలై, కానూరు చుట్టి, 14 స్టాపుల్లో 48 మందిని ఎక్కించుకుని 17 కిలోమీటర్లు రావాలి. 28 వేగంతో 36 నిమిషాలు, స్టాపుకి అర నిమిషం చొప్పున 7 నిమిషాలు, 7:33కి స్కూల్లో ఉండాలి. తర్వాత ఖాళీగా పెనమలూరు వెళ్లి, రెండో ట్రిప్పు ఎక్కించుకుని 8:15కి మళ్లీ రావాలి. గంట 8:30కి. పావుగంట చేతిలో ఉంది. కాగితం మీద అది చాలా ధీమాగా కనిపించింది.

ఆ రోజు ఏం జరిగిందంటే, పనిదినం, పెద్ద బస్సు, బందరు రోడ్డు. వేగం 20 దాటలేదు. 17 కిలోమీటర్లకే 51 నిమిషాలు. ఇక స్టాపు. స్టాపులో అర నిమిషం అని రాసిన నేను ఎప్పుడైనా ఎల్‌కేజీ పిల్లను బస్సెక్కించానా? బస్సు ఆగాలి, ఆయా దిగాలి, తలుపు దగ్గర పిల్ల ఏడవాలి, అమ్మ మళ్లీ ఒకసారి ముద్దు పెట్టాలి, బ్యాగు అందించాలి, పిల్ల కూర్చున్నాకే బస్సు కదలాలి. తర్వాత వాచీ పట్టుకుని చూస్తే, బస్సు ఆగి కదలడానికే 40 సెకన్లు, ఆపైన ఎక్కే ప్రతి పిల్లకీ మరో 6 సెకన్లు. 14 స్టాపులు, 48 మంది, వెరసి 14 నిమిషాలు. బస్సు 7:33కి కాదు, 7:55కి వచ్చింది. దించడానికి 5 నిమిషాలు పట్టింది, ఆ 5 నిమిషాలు నా లెక్కలో అసలే లేవు. పెనమలూరు చేరేసరికి 8:15. అక్కడ రోడ్డు పక్కన ఎండలో, కొత్త యూనిఫాంలు నలిగిపోతూ, పిల్లలు, వాళ్ల నానమ్మలు, నా ఫోన్ నంబరు తెలిసిన ప్రతి నాన్నా నిలబడి ఉన్నారు. రెండో ట్రిప్పు స్కూలు చేరింది 8:53కి. ప్రార్థన అయిపోయింది. ఆ ఒక్క గంటలో నా ఫోనుకి కృష్ణా జిల్లా మొత్తం చేసినట్టుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పాలి. మొదటి ట్రిప్పు ఆలస్యం ఆ ట్రిప్పుతో పోలేదు. పాత పద్ధతిలో 12 బస్సులూ ఒక్కో ట్రిప్పే వేసేవి. ఒకటి పది నిమిషాలు ఆలస్యమైతే ఆ బస్సు పిల్లలకే ఆలస్యం. ఒకే బస్సుకి రెండు ట్రిప్పులు కట్టాక, యనమలకుదురు లాకుల దగ్గర ఆగిన నిమిషం పెనమలూరు పిల్ల ఖాతాలో పడుతుంది. సగటులన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చి 8:15 అని రాశాను. సగటంటేనే చాలా రోజులు దాన్ని దాటుతాయని నాకు తెలుసు. తెలిసే రాశాను. మరి క్లార్క్, రైట్‌లది తప్పా? కాదు. లారీలో బస్తా గంటసేపు కూర్చున్నా దానికి దాహం వేయదు. మొదటి స్టాపులో ఎక్కిన ఒకటో తరగతి పిల్ల 65 నిమిషాలు కూర్చుంది. 19 కిలోమీటర్లు మిగిలింది బస్సుకి, ఆ పిల్లకి కాదు.

నాలుగో రోజు ఏడో నంబరు రేడియేటరు పోయింది. 36 మంది పిల్లలు గంగూరు దగ్గర రోడ్డు మీద. ఇదివరకైతే ముందు వెనక వచ్చే బస్సుల్లో ఖాళీలుండేవి, డ్రైవర్లు ఫోన్లు చేసుకుని పన్నెండేసి మందిని పంచుకునేవారు, నా దాకా వచ్చేది కాదు. నేను వృథా అని రాసిన ఆ 204 ఖాళీ సీట్లే ఇన్నాళ్లూ మా స్పేర్ బస్సు. ఆ రోజు మిగతా ప్రతి బస్సూ నిండుగా ఉంది. స్కూలు పెరట్లో మూడు బస్సులున్నాయి. డీజిలు ఉంది, డ్రైవరు ఉన్నారు, ఫిట్‌నెస్ లేదు. పెద్దాయన తాళాలు చేతిలో పట్టుకుని నా వైపు చూశారు. పిల్లల్ని ఎక్కించి ఆ బస్సు రోడ్డెక్కకూడదు. ఆటోలు, తల్లిదండ్రుల స్కూటర్లు, మేడమ్ సొంత కారు, అలా 9:40 దాకా మోశాం.

ఆ రాత్రి పాత లాగ్‌బుక్కులు తీశాను. ఏదో ఒక కారణంతో, రిపేరో, డ్రైవరు రాకపోవడమో, ఒక్కో బస్సు వంద రోజుల్లో నాలుగు రోజులు ఆగుతోంది. అంటే ఒక బస్సు తిరిగే అవకాశం 0.96. తొమ్మిదీ ఒకే రోజు తిరగాలంటే 0.96ని తొమ్మిదిసార్లు హెచ్చవేయాలి. 0.69 వచ్చింది. పది రోజుల్లో మూడు రోజులు ఎక్కడో ఒకచోట పిల్లలు రోడ్డు మీద నిలబడతారన్నమాట. ఏప్రిల్లో ఈ హెచ్చవేతకు రెండు నిమిషాలు పట్టేది. మ్యాపుకి రంగులు వేయడానికి రెండు రోజులు ఖర్చుపెట్టాను.

మర్నాడు మేడమ్ గదిలోకి వెళ్లి ఆదివారం సంగతి, మోటారు సైకిలు సంగతి చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. “ఇప్పుడేం చేద్దామో రాసుకు రండి” అన్నారు.

రెండో మెమో ఒకటే పేజీ. రాసేముందు పది పనిదినాలు పెద్దాయన పక్కన, మిగతా డ్రైవర్ల పక్కన కూర్చుని వాచీ చూసి రాసుకున్నాను. ప్రతి దారికీ సగటు వదిలేసి, పదిలో తొమ్మిది రోజులు సరిపోయే టైము వేశాను. ఏ పిల్లా 50 నిమిషాలకు మించి కూర్చోకూడదని ముందే గీత గీసి, ఆ గీత దాటే జతల్ని కలపలేదు. యనమలకుదురు, కానూరు విడిపోయాయి. రెండో ట్రిప్పు స్కూలుకి 3 కిలోమీటర్ల లోపు ఊళ్లకే ఉంచాను, వాటికీ మధ్యలో 20 నిమిషాల విరామం పెట్టాను. అలా వేస్తే 10 బస్సులు వచ్చాయి. పదకొండోది ఫిట్‌నెస్‌తో, డ్రైవరుతో గేటు దగ్గర ఊరికే నిలబడి ఉండాలని రాశాను. పన్నెండోది అమ్మేయవచ్చు. మూడు బస్సులు మిగులుస్తానన్నవాణ్ని ఒకటి మిగిల్చాను. ఈసారి “అసౌకర్యం” అన్న చోట ఎంత మందికి ఎన్ని నిమిషాలు పెరుగుతుందో ఊరూరా రాశాను. పెద్దాయన పెన్సిలుతో వేసిన టైముల కాగితం వెనక జతచేశాను.

పదకొండో నంబరు ఫిట్‌నెస్ జూలైలో చేతికొచ్చింది. ఇవాళ పొద్దున్న ఐదో నంబరుకి క్లచ్ ప్లేటు పోయింది. 7:10కి ఫోను, 7:14కి పదకొండోది గేటు దాటింది. పోరంకి పిల్లలు ప్రార్థనకి అందారు.