ఛాతీ 42

మా కథల గుంపులో ఒక కఠినమైన నియమం ఉంది. వారానికి ఒకరి కథ. శనివారం రాత్రికి అది అందరి ఫోన్లకీ చేరాలి. ఆదివారం పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు అభిప్రాయం రాయాలి. అంతసేపూ కథ రాసిన మనిషి నోరు విప్పకూడదు. "అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలెట్టినవాళ్ళ వంతు వెనక్కి పోతుంది. ఈ ఆచారం మేం కనిపెట్టింది కాదు. 1956లో అమెరికాలో మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో డేమన్ నైట్ మొదలైన సైన్స్ ఫిక్షన్ రచయితలు చేరి, ఒకరి కథలు ఒకరు చీల్చి చెండాడుకోవడం మొదలెట్టారు. అక్కడ స్థిరపడిన పద్ధతి ఇది. చుట్టూ కూర్చున్నవాళ్ళు వంతులవారీగా మాట్లాడతారు, రచయిత అందరిదీ అయ్యాకే జవాబు చెప్పుకోవాలి. కారణం న్యాయమైనదే. కథ అచ్చయ్యాక ఎలాగూ పాఠకుడి పక్కన కూర్చుని "అది కాదండీ" అనలేం కదా.

ఈ గుంపులో నాకు దొరికిన స్నేహితుడు కత్తెరగారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ గుంపులో దాన్ని ఎవరూ వాడరు. విజయనగరం వాస్తవ్యులు. మిగతావాళ్ళు "కళ్ళు చెమర్చాయి, అభినందనలు" అంటూ పూలగుత్తుల బొమ్మలు పంపిస్తుంటే, చిట్టచివర ఆయన దగ్గర్నుంచి ఓ ముక్క వచ్చేది. "నాలుగో పేరాతో మొదలెట్టండి." అంతే. ఎందుకో చెప్పరు. అడగడానికి నాకు నోరు లేదు.

ఒళ్ళు మండేది. అయినా ఆ రాత్రి ఎవరూ చూడకుండా మొదటి మూడు పేరాలూ తీసేసి చదివితే కథకి ఏ లోటూ వచ్చేది కాదు. ఆ మూడింట్లోనూ కృష్ణమ్మ మీద వాన పడుతూ ఉండేదంతే. ఒకసారి ఉండబట్టలేక, చర్చ అయిపోయాక విడిగా అడిగాను, వానంటే మీకేం కక్షండీ అని. అప్పుడొచ్చింది ఆయన రాసిన అతి పొడవైన జవాబు. "1910లో మా ఊరి గురజాడ దిద్దుబాటు రాశాడు. ఆ రాత్రి వాన పడిందా, వెన్నెల కాసిందా చెప్పాడా? ఒంటిగంటకి ఇంటికొచ్చిన మొగుడి చేత తలుపు తియ్యమని కేకేయించాడు. పాఠకుడు కూడా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మీ కథలో పాఠకుడు గొడుగు వెతుక్కుంటున్నాడు."

అక్కణ్ణుంచి మా స్నేహం కుదిరింది. గుంపుకి పంపే ముందే నా కథ ఆయనకి పంపేవాణ్ణి, ఆయనది నాకు. ఆయన కథల్లో నేను పట్టుకునేది ఒక్కటే: మరీ కోసేస్తారు. మూడో పేజీలో ఒక ఆడమనిషి ఏడుస్తూ ఉంటుంది, ఆవిడ ఈ ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో, ఎవరి తాలూకో తెలీదు. "ఈవిడెవరండీ?" అని రాసేవాణ్ణి. ఆయన ఒక వాక్యం కలిపేవారు. కలపడానికి ఆయన ప్రాణం ఎంత కొట్టుకునేదో ఆ వాక్యం పొట్టితనంలోనే తెలిసిపోయేది.

ఫోన్లో మాట్లాడుకోలేదు. మొహాలు చూసుకోలేదు. ఆయన ప్రొఫైల్లో గురజాడ బొమ్మ, నా ప్రొఫైల్లో ప్రకాశం బ్యారేజీ.

ఇక ఆ దర్జీ కథ సంగతి చెప్పాలి. మా వీధి చివర టైలరు బాబాయ్ ఒకాయన ఉన్నాడు. కొట్లో గోడకి కుట్టేసిన చొక్కాలు వేలాడుతుంటాయి. కొలతల పుస్తకంలో పేరు, ఛాతీ, భుజం, చేతి పొడుగు, పక్కనే పిన్ను కొట్టిన గుడ్డముక్క. కొందరు కుట్టమని ఇచ్చి మళ్ళీ రారట. అది విని కథ అల్లాను. ఒక షావుకారు చొక్కా కుట్టమని ఇచ్చి తిరిగి రాడు. ఏళ్ళు గడుస్తాయి. షావుకారు పోయాడని తెలిసి దర్జీ ఆ చొక్కాయే తొడుక్కుని చూడ్డానికి వెళతాడు. కొడుకు ఆ గుడ్డ గుర్తుపడతాడు. నా మొదటి ప్రతిలో ఇది తేలడానికి మూడో పేజీ దాకా పట్టింది. చివర్లో దర్జీ కన్నీళ్ళకి అర్థం చెబుతూ ఇంకో పేరా.

కత్తెరగారి సూచనలు మూడు. కొలతల పుస్తకంలో ఆ షావుకారు పేరున్న పేజీతో మొదలెట్టండి. కొడుకు కాలరు వైపు చూడగానే ఆపేయండి. మూడోది చదివి నేను కుర్చీలోంచి లేచాను. "షావుకారు ఛాతీ 42 అని రాశారు. దర్జీ బక్కపలచన, 36కి మించడు. చొక్కా ఎలా పట్టింది?"

ఎలా పట్టిందో నాకూ తెలీదు. షావుకారుని సన్నబరిస్తే సరిపోయేది. కానీ ఆయనే ఒక దారి చూపించారు. ముందు రోజు రాత్రి దర్జీ పక్క కుట్లు విప్పి చొక్కాని తన ఒంటికి బిగించుకుంటాడు. చేతిలో కత్తెర ఆగిపోతుంది. కోసేస్తే షావుకారు ఇక రాడని ఒప్పుకున్నట్టే. కథ మొత్తానికి ఆ సన్నివేశమే ప్రాణం అయింది. ఒక పత్రికలో అచ్చయింది. ఉత్తరాలన్నీ ఆ రాత్రి గురించే.

ఆ సంతోషంలో, జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవానికి వస్తున్నానని కత్తెరగారి నుంచి కబురు. "జన్మభూమికి వస్తున్నా. గుర్తుపడతాను." ఆయన నన్ను ఎలా గుర్తుపడతారో తెలీదు గానీ, ఆయన్ని గుర్తుపట్టడం నాకు కష్టం కాదనుకున్నాను. ఆ రాత కల మనిషి వెదురుబద్దలా ఉంటాడు కదా.

బండి వచ్చింది, జనం దిగారు, వెళ్ళిపోయారు. వెదురుబద్దలెవరూ దిగలేదు. ప్లాట్‌ఫారం మీద నేనూ, ఒక భారీకాయుడూ మిగిలాం. ఆయన నన్ను దాటి చూస్తున్నారు, నేను ఆయన్ని దాటి చూస్తున్నాను. ఆయన్ని దాటి చూడటం అంత సులువు కూడా కాదు. చివరికి ఆయన ఫోను తీసి నొక్కారు. నా జేబు మోగింది.

"ఏటండీ, మీరేనా?" అన్నారు నిరుత్సాహంగా. "మీ వాక్యాలు చూసి కాస్త దిట్టమైన మనిషనుకున్నానండి."

"మీ వాక్యాలు చూసి నేనూ" అన్నాను. మిగతాది ఆయనే పూర్తి చేసుకున్నారు.

ప్రయాణం బాగా జరిగిందా అని అడిగాను. మర్యాదకి అడిగిన మాటది. ఆయన టిక్కెట్టు రిజర్వు చేయించిన రోజు నుంచి మొదలెట్టారు. ఆ కౌంటరు దగ్గర కలిసిన మనిషి వాళ్ళ మేనత్త తాలూకు. మేనత్త పెళ్ళికి వాన పడింది. అవును, వాన. ఎంత పడిందో, పందిరి ఎటువైపు కూలిందో, పులిహోర ఎలా కాపాడారో వివరంగా చెప్పారు. ఆటో గాంధీనగర్ చేరేసరికి బండి ఇంకా విశాఖలోనే ఉంది. మా ఇంటి మెట్లెక్కుతుంటే అనకాపల్లి దాటింది. మా ఆవిడ మంచినీళ్ళిచ్చేసరికి తుని. అన్నవరంలో పక్క సీటాయన ప్రసాదం పంచాడు, ఆయన అల్లుడి కథ వేరే ఉంది. నాలుగో పేరాతో మొదలెట్టండి అని నా నాలిక చివర దాకా వచ్చింది. కానీ అతిథి. పైగా, ఒకరు చెబుతుంటే మధ్యలో అడ్డురాకూడదని మా గుంపు నేర్పిందాయె.

భోజనాల్లో గోదావరి వంతెన వచ్చింది. మా ఆవిడ రెండోసారి పప్పు వడ్డిస్తూ, "మరి ఆ పక్క సీటాయన అల్లుడు ఏమయ్యాడండీ?" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు అర్థమైంది, మనిషి నోటితో ఖర్చు పెట్టేస్తున్నాడు, అందుకే కాగితం మీదకి వచ్చేసరికి ఏమీ మిగలడం లేదు. నా సంగతి దానికి తలకిందులు. పొద్దుటి నుంచి నేనాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. మా ఆవిడ ఆ సాయంత్రం తేల్చిచెప్పింది: "మీ ఇద్దరి కథలూ ఆయన చెప్పాలి, మీరు రాయాలి." ఈ సూచన మీద గుంపులో ఇంతవరకూ చర్చ పెట్టలేదు.

చేతులు కడుక్కున్నాక సంచీలోంచి ఒక పొట్లం తీశారు. పొందూరు ఖద్దరు చొక్కా. నాకోసం ప్రత్యేకంగా కుట్టించారట. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. చేతులు కనిపించలేదు.

"సైజు ఎంత చెప్పారండీ?"

"42. మీ రాతని బట్టి అంచనా వేశానండి."

నాది 38. అయినా మాకు భయం లేదు. ఈ సమస్యకి పరిష్కారం మేమిద్దరం కలిసి అచ్చులో చూపించినవాళ్ళమే. పుస్తకాల పందిళ్ళకి వెళ్ళే దారిలో టైలరు బాబాయ్ కొట్టు దగ్గర ఆగాం. పక్కలు కాస్త లోపలికి పట్టమన్నాను.

బాబాయ్ చొక్కాని నా మీద వేసి చూసి, నోట్లో పిన్నులు పెట్టుకునే మాట్లాడాడు. "పక్కలు పడితే సరిపోదు సార్. నాలుగంగుళాలు అంటే పక్కకి రెండు. భుజం అలాగే జారిపోయి ఉంటుంది. జేబు చంక కిందకి పోతుంది. చేతులు ఊడదీయాలి, భుజం కొయ్యాలి, చంక మళ్ళీ తియ్యాలి. కాలరు కూడా మెడకి వదులే. దానికన్నా కొత్తది కుట్టుకోవడం నయం."

కత్తెరగారు, నేను మొహాలు చూసుకున్నాం. కథలో మేం తగ్గించింది ఆరంగుళాలు. ఒక్క రాత్రిలో, లాంతరు వెలుగులో, పక్క కుట్లు మాత్రమే విప్పి.

ఉండబట్టలేక కత్తెరగారు ఆయనకి కథ మొత్తం చెప్పారు. ఆయన చెబితే ఎంతసేపు పడుతుందో మీకీపాటికి తెలుసు. నేను రాసినదానికన్నా చాలా బాగుందని ఒప్పుకోవాలి. షావుకారుకి ఒక మేనత్త కూడా వచ్చి చేరింది. బాబాయ్ మిషను ఆపి విన్నాడు.

"అన్నేళ్ళు ఉంచాడా ఆ చొక్కా?" అన్నాడు అంతా అయ్యాక.

"ఉంచాడండి."

"మజూరీ రాలేదన్నమాట."

"లేదండి" అన్నారు కత్తెరగారు గొంతు తగ్గించి.

"ఆర్నెల్లు చూసి, ఎవరికి సరిపోతే వాళ్ళకి అమ్మేస్తాం సార్. 42 ఛాతీ చొక్కా కొనేవాళ్ళు బెజవాడలో బోలెడు మంది. చావింటికి తొడుక్కెళ్ళేది ఎందుకు, కొడుకు లాక్కోవడానికా?"

అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే అనబోయాను. కత్తెరగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

బాబాయ్ పుస్తకం తెరిచి నా కొలతలు రాసుకున్నాడు. లోపల మడతలోంచి ఖద్దరు ముక్క కత్తిరించి పిన్ను కొట్టాడు. వారం రోజులు పడుతుందన్నాడు. అలవాటుగా అడ్వాన్సు తీసి ఇవ్వబోయాను.

"మొత్తం ఇచ్చెయ్యండి సార్" అన్నాడు. "మీరు కథలు రాసేవాళ్ళు."