తాళం కప్పకు అందిన సమన్లు

వివాదంలో ఉన్న స్థలం చుట్టూ ప్రహరీ లేపి, 'కోర్టు ఉత్తర్వుల మేరకు ఈ స్థలం మాది' అని గేటుకు ఎర్రక్షరాల బోర్డు తగిలించడం ఇప్పుడు పెద్దమనుషుల వేడుక అయింది గనుక, చోటు చాలక బోర్డు మీద రాయకుండా వదిలేసిన ఒక్క సంగతిని, అంటే ఆ ఉత్తర్వు ఎక్స్‌పార్టీగా వచ్చిందన్న సంగతిని, ఇక్కడ చేర్చడం వారికి ఉపకారమే అవుతుంది. సమన్లు అందుకున్న ప్రతివాది వాయిదాకు రాకపోతే వాది సాక్ష్యం మాత్రమే విని తీర్పు చెప్పడానికి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో ఆర్డరు జడ్జికి వీలు కల్పిస్తుంది. రాని మనిషి కోసం కోర్టు ఏళ్లతరబడి ఎదురుచూడలేదు కాబట్టి ఆ ఏర్పాటులో తప్పు పట్టవలసింది లేదు.

తమాషా అంతా సమన్లు అందించడంలో ఉంది. జగిత్యాల వైపు రైతు ఒకాయన ఇంటికి తాళం వేసి కుటుంబంతో దుబాయికి వలస వెళ్లాడనుకుంటే, ఆయన ఎకరం మీద కన్నేసిన దాయాది దావాలో ఊరి చిరునామానే రాస్తాడు. సమన్లు పట్టుకొచ్చిన కోర్టు అమీనా, తగినంత వెతికినా మనిషి దొరకలేదని, ఇప్పట్లో దొరికే సూచనా లేదని తేలితే, నకలును వీధి తలుపుకు అంటించి, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించారో రిపోర్టులో రాయాలి. చూపించేది దాయాది బావమరిది, చూసేది దాయాది పాలేరు. ఆ కాగితాన్ని సాయంత్రానికి మేక తిన్నా, రిపోర్టు మీద నమ్మకం కుదిరితే, సమన్లు అందినట్టే.

అదీ చాలదనుకుంటే పత్రికా ప్రకటన ఉంది. ప్రతివాది చివరిసారిగా నివసించినట్టు తెలిసిన ప్రాంతంలో చెలామణీ అయ్యే దినపత్రికలో అది రావాలి కాబట్టి, దుబాయిలో ఇటుకలు మోసే మనిషి జగిత్యాల జిల్లా పేజీలో టెండరు నోటీసుల సందున తన పేరు వెతుక్కోవాలి!

దీన్ని సాంకేతిక లోపం అనడం సిగ్గులేనితనం, ఇది మోసం. దేశం వెలుపల నివసించే ప్రతివాదికి ఇక్కడ సమన్లు తీసుకునే ప్రతినిధి లేకపోతే అక్కడి చిరునామాకే పంపాలని అయిదో ఆర్డరు 25వ రూలు ఏనాడో చెప్పింది. ప్రయాణం నాడు విందు తిని సాగనంపిన దాయాదికి ఆ చిరునామా తెలియదంటే నమ్మడం, 'ఆయన ఎక్కడున్నాడు?' అని ఒక్క ప్రశ్నయినా వేయకపోవడం న్యాయస్థానానికి తగని బద్ధకం. జవాబు దాఖలు కానంత మాత్రాన యాంత్రికంగా డిక్రీ ఇవ్వకూడదని బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు 1999లోనే హెచ్చరించింది.

సమన్లు సక్రమంగా అందలేదని గాని, రాలేకపోవడానికి తగిన కారణముందని గాని చూపితే, తొమ్మిదో ఆర్డరు 13వ రూలు కింద డిక్రీని రద్దు చేయించి దావాను మళ్లీ విచారణకు తెప్పించవచ్చు. ఆ దరఖాస్తుకు గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందని వారికి, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి 30 రోజులు.